డెమోకి పిలిచే ముందే లిస్టు పంపాలా? మందుల ఏజెన్సీ సాఫ్ట్‌వేర్ గురించి

ప్రశ్న: "కర్నూలులో మాది మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. నాన్న పెట్టించిన పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాలి. ముగ్గురికి ఫోన్ చేశాను, ముగ్గురూ డెమో ఇస్తామన్నారు. మేము ఏమేం చూసి తీసుకుంటామో ముందే రాసి పంపాలా, డెమో చూశాక అడగాలా? ముందే చెప్తే దానికి తగ్గట్టు తయారై వచ్చి మభ్యపెడతారేమో అని భయం."

ముందే పంపండి బ్రదర్. వాళ్లు తయారై రావాలనే కదా పంపేది. తయారు కాకుండా వస్తే ఏం చూపిస్తారో నాకు బాగా తెలుసు. రంగురంగుల గ్రాఫులు, ఓనరు ఇంట్లో కూర్చొని మొబైల్‌లో అమ్మకాలు చూసుకోవడం, వాట్సాప్‌లో బిల్లు పోవడం, వీటితోనే గంట అయిపోతుంది. ఆఖర్లో మనం గుర్తొచ్చినవి నాలుగు అడుగుతాం, నాలుగింటికీ "ఉంది సార్" అంటారు. ఆ "ఉంది" చాలాసార్లు అబద్ధం కూడా కాదు, అసలు చిక్కు అక్కడే.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. కొన్నేళ్ల కింద కడపలో నేను లెక్కలు చూసే ఏజెన్సీకి కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. డెమోలో నేనే అడిగాను, ఫ్రీ స్కీము ఉందా అని. ఉందన్నాడు, చూపించాడు కూడా. 50 స్ట్రిప్పులు కొడితే పక్క గడిలో ఫ్రీ 5 అదే పడింది, బాగుంది అనుకున్నాం. నేను అడగనిది ఏంటంటే, ఆ సరుకు ఎక్స్‌పైరీ అయి తిరిగొస్తే ఏం చేస్తుంది అని. స్ట్రిప్పు 70 రూపాయలు అనుకోండి. 50 స్ట్రిప్పులకు 3,500 బిల్లు, చేతికి ఇచ్చింది 55. అంటే పార్టీకి ఒక్కో స్ట్రిప్పు పడింది 63 రూపాయల 64 పైసలకు. అందులో 11 తిరిగొస్తే మనం ఇవ్వాల్సింది 700. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం 11ని 70తో గుణించి 770కి క్రెడిట్ నోటు కొడుతోంది. ప్రతి పదకొండు స్ట్రిప్పులకూ ఒకటి మా జేబులోంచి పోతోంది, పార్టీ ఎందుకు చెప్తాడు? ఆర్నెల్ల తర్వాత కంపెనీకి పంపిన ఎక్స్‌పైరీ క్లెయిమూ, మేము పార్టీలకు ఇచ్చిన క్రెడిట్ నోట్లూ పక్కపక్కన పెట్టుకుంటే గానీ బయటపడలేదు. అడిగితే "అది మీరు ముందు చెప్పలేదు కదా సార్, కస్టమైజేషన్ అవుతుంది, చార్జీ పడుతుంది" అన్నారు. నిజమే, చెప్పలేదు.

అప్పటినుంచి ఇంకో నాలుగు ఏజెన్సీలకు డెమోలు నేనే పెట్టించాను. లిస్టు పంపడం ఒక్కటే చాలదు, ఆ లిస్టు ఎలా రాస్తామన్నదే అసలు సంగతి.

మామూలుగా ఇంటర్నెట్‌లో దొరికే లిస్టులు ఎలా ఉంటాయంటే, బ్యాచ్ వారీ స్టాకు ఉందా, ఎక్స్‌పైరీ అలర్టు ఉందా, జీఎస్టీ రిపోర్టులు ఉన్నాయా, ఇలా ఎనభై లైన్లు. అది పంపితే ఎనభైకీ టిక్కు పెట్టి అరగంటలో తిప్పి పంపుతారు, ముగ్గురివీ ఒకేలా ఉంటాయి. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి ఊరుకోరు కదా, కాడికి కట్టి పది అడుగులు నడిపిస్తారు. కాబట్టి ఫీచరు పేరు రాయకండి, మీ కౌంటర్లో జరిగే పని రాయండి, అంకెలతో, చివర రావాల్సిన జవాబుతో సహా. అలాంటివి ఆరు చాలు. పైన చెప్పిన రిటర్నునే ఇప్పుడు ఎలా రాస్తానో చూడండి.

"2025 ఆగస్టు 20న ఒక రిటైలర్‌కి ఒక మందు 50 + 5 ఫ్రీ, స్ట్రిప్పు 70 రూపాయలు, జీఎస్టీ 12 శాతంతో బిల్లు చేశాం. మొత్తం 3,920. ఇప్పుడు అందులో 11 స్ట్రిప్పులు వెనక్కి వచ్చాయి. ఆ పాత బిల్లు మీదే క్రెడిట్ నోటు చేసి చూపించండి. మా లెక్క ప్రకారం 784 రావాలి."

ఆగస్టు తేదీ కావాలనే పెట్టాను. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, మీకు తెలిసిందే. కానీ పాత బిల్లుకి ఇచ్చే క్రెడిట్ నోటు ఆ బిల్లులో వేసిన రేటుతోనే ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పన్ను రేటుని బిల్లులోంచి తీసుకోవు, ఐటెమ్ మాస్టర్‌లో ఈరోజు ఉన్నది తీసుకుంటాయి. ఇలా రాస్తే లాభం ఏంటంటే, వచ్చిన అంకెను బట్టే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. 784 వస్తే సరే. 735 వస్తే ఫ్రీ సరిగ్గా సర్దింది గానీ పన్ను కొత్త రేటుతో వేసింది. 862 రూపాయల 40 పైసలు వస్తే పన్ను సరే, ఫ్రీని వదిలేసింది. 808న్నర వస్తే రెండూ తప్పే. "ఉంది సార్" అనే మాటకి ఇక్కడ చోటే లేదు. (మీ ఏజెన్సీలో రిటర్ను పద్ధతి వేరే ఉంటే, ఉదాహరణకి 10కి 1 చొప్పున ఫ్రీ సరుకు విడిగా వెనక్కి తీసుకునే అలవాటు ఉంటే, మీ అంకె మీరు వేసుకోండి. ముందు మీ ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకుని మరీ రాయండి, తప్పు అంకె పంపితే పరువు పోయేది మనదే.)

రెండోది బ్యాచ్. ఒకే మందు రెండు బ్యాచులు, ఒకటి మూడు నెలల్లో ఎక్స్‌పైరీ, స్టాకు 12 ఉంది. రెండోది పద్నాలుగు నెలలు, స్టాకు 100, ఎమ్మార్పీ వేరు. 30 కావాలని ఆర్డర్. దానంతట అదే మొదటిదాంట్లోంచి 12, రెండోదాంట్లోంచి 18 తీసి, రెండు లైన్లుగా, దేని ఎమ్మార్పీ దానికి వేయాలి. ఎక్స్‌పైరీ దగ్గరపడిన సరుకు ఆ పార్టీ తీసుకోడని మనకు తెలిస్తే మొదటి బ్యాచ్‌ని వదిలేసే వీలూ ఉండాలి, మేనేజర్ పాస్‌వర్డు అడక్కుండా. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోజుకి నూట యాభై బిల్లులు కొట్టే చోట ప్రాణం తీసేది ఇలాంటివే.

మూడోది వేగం, దీన్ని ఎవరూ లిస్టులో రాయరు. మీ కౌంటర్లో బిల్లు కొట్టే మనిషి ఎవరో నాకు తెలియదు. మా దగ్గరున్న అమ్మాయి స్క్రీన్ వైపు కూడా చూడదు, కళ్లు ఆర్డర్ చీటీ మీదే, మందు పేరు మూడక్షరాలు, ఎంటర్, బ్యాచ్, ఎంటర్, క్వాంటిటీ, ఎంటర్. ముప్పై అయిదు లైన్ల బిల్లు ఆరు నిమిషాల్లో అయిపోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లైనుకీ ఒకసారి మౌస్ పట్టుకోవాల్సి వస్తే అదే బిల్లు పది నిమిషాలు దాటుతుంది, మధ్యాహ్నం బస్సుకి వేయాల్సిన పార్సిళ్లు సాయంత్రానికి పోతాయి. అందుకని లిస్టులో ఇలా రాయండి: "మా ఆపరేటర్ మా చీటీ చూసి 35 లైన్ల బిల్లు స్వయంగా కొడతారు, మీరు పక్కన ఉండి చెప్పండి." మొదటిసారి కాబట్టి ఆలస్యమవుతుంది, అది లెక్క కాదు, చెయ్యి మౌస్ మీదికి ఎన్నిసార్లు పోయిందో చూడండి. ఈ పరీక్ష పంపే ముందు మీ పాత సాఫ్ట్‌వేర్‌లో అదే చీటీకి ఎంత టైమ్ పడుతుందో గడియారం పెట్టి రాసుకోండి. లేకపోతే దేనితో పోలుస్తారు?

నాలుగోది పాత డేటా. దీనికి మాటలు చాలవు, శాంపిల్ ఫైలు పంపాలి. మీ స్టాకులోంచి ఓ 300 ఐటెమ్‌లు బ్యాచ్, ఎక్స్‌పైరీతో, ఇరవై పార్టీల బాకీలు బిల్లు వారీగా ఎక్సెల్‌లో తీసి పంపి, డెమోకి వచ్చేటప్పుడు అవి ఎక్కించుకుని రమ్మనండి. చాలామంది పార్టీకి ఒక్క మొత్తమే ఎక్కిస్తారు, ఫలానా మెడికల్స్ బాకీ 48,000 అని. అప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు లైను తిరిగే మీ సేల్స్‌మన్ చేతిలో ఏ బిల్లు ఎన్ని రోజులదో ఉండదు, పార్టీ చూపించిన బిల్లుకే డబ్బు తీసుకుని రావాలి. మీ ఫైలు మీద డెమో ఇవ్వడం కుదరదు, మా డెమో కంపెనీ మీదే చూపిస్తాం అన్నారంటే డేటా మార్చడం వాళ్లకి కష్టమని అర్థం, మిగతాది ఎంత బాగున్నా సరే. ఫైలు పంపేటప్పుడు ఒక జాగ్రత్త: పార్టీల పేర్లు మార్చేయండి, మీ కొనుగోలు ధరల కాలమ్ తీసేయండి. వచ్చేవాడు రేపు మీ పక్క ఏజెన్సీకి కూడా డెమో ఇస్తాడు.

అయిదోది, మీ టర్నోవర్ అయిదు కోట్లు దాటి ఉంటేనే, ఈ-ఇన్‌వాయిస్. టెస్ట్ పోర్టల్ మీద ఒక బిల్లు పంపి, క్యూఆర్‌తో ప్రింటు తీసి, దాన్ని రద్దు చేసి చూపించమనండి. 24 గంటలు దాటితే పోర్టల్‌లో రద్దు కుదరదు కాబట్టి, దాటిన బిల్లుకి రద్దు నొక్కితే సాఫ్ట్‌వేర్ ఏం చెప్తుందో కూడా. ఆరోది, ఇది అడగడానికి చాలామందికి మొహమాటం: రెండేళ్ల తర్వాత మేము మీ సాఫ్ట్‌వేర్ వదిలేస్తే మా డేటా మొత్తం ఎక్సెల్‌లో ఎలా వస్తుందో ఇప్పుడే తీసి చూపించండి అని. పెళ్లిచూపుల్లో విడాకుల మాటేంటి అనుకోకండి, మీ పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఇప్పుడు బయటపడటానికి మీరు పడుతున్న పాట్లు గుర్తు తెచ్చుకోండి.

ఇక మెయిల్. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది, మీ అంకెలు మార్చుకోండి:

> నమస్కారం. మాది కర్నూలులో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. మూడు బిల్లింగ్ కౌంటర్లు, ఒక గోడౌను, సుమారు 4,500 ఐటెమ్‌లు, 600 మంది రిటైలర్లు, రోజుకి 150 బిల్లుల దాకా. మీ సాఫ్ట్‌వేర్ డెమో మా ఆఫీసులో గంటన్నర కావాలి. వచ్చే బుధ, గురు, శుక్రవారాల్లో మధ్యాహ్నం 3 తర్వాత ఏ రోజు వీలో చెప్పండి.
>
> మేము చూడబోయే ఆరు పనులు, శాంపిల్ ఫైలు జత చేశాం. మొదటి నాలుగూ తప్పనిసరి. మీ పరిచయానికి మొదటి పది నిమిషాలు, తర్వాత ఈ ఆరు ఇదే వరుసలో. స్లైడ్లు వద్దు, ఇప్పుడు మీరు అమ్ముతున్న వెర్షన్‌లోనే చూపించండి.
>
> రెండు రోజుల ముందు ఒక్కో పనికి ఎదురుగా ఈ నాలుగింటిలో ఒకటి రాసి పంపండి: ఉన్నదున్నట్టు జరుగుతుంది / సెట్టింగ్ మారిస్తే జరుగుతుంది / విడిగా ప్రోగ్రామింగ్ కావాలి, ఖర్చు ఇంత, రోజులు ఇన్ని / జరగదు. జరగదు అని రాసినా డెమో ఉంటుంది.
>
> మా వైపు నుంచి నేను, బిల్లింగ్ ఆపరేటర్, అకౌంటెంట్ ఉంటాం. కొన్నాక మాకు సర్వీసు చేసేది ఎవరో వారు కూడా వస్తే మంచిది. అందరికీ ఇదే లిస్టు పంపుతున్నాం.

ఇందులో "జరగదు అని రాసినా డెమో ఉంటుంది" అన్న మాట తీసేయకండి. అది లేకపోతే అన్నిటికీ "ఉన్నదున్నట్టు" అనే రాస్తారు. పోయినసారి అనంతపురంలో ఒకాయన రెండో పనికి నిజాయితీగా "విడిగా ప్రోగ్రామింగ్, ఇరవై రోజులు" అని రాశాడు, చివరికి ఆయన దగ్గరే తీసుకున్నాం.

సర్వీసు మనిషి గురించి రాసింది ఎందుకంటే, మన ఊళ్లలో కంపెనీ ఒకటి, అమ్మేది డీలరు, రాత్రి పదింటికి సర్వర్ లేవకపోతే వచ్చేది ఆ డీలరు దగ్గర పనిచేసే కుర్రాడు. డెమోకి మాత్రం హైదరాబాద్ నుంచి బాగా మాట్లాడే ఆయన వస్తాడు. ఆయన మనకు మళ్లీ కనిపించడు.

ఇక మీ భయం, తయారై వచ్చి మభ్యపెడతారని. దానికి మందు ఒకటే, పని చెప్పండి, అంకెల్లో ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. మెయిల్‌లో 11 స్ట్రిప్పులు అన్నారు కదా, వాళ్లు 784 తెచ్చి చూపిస్తారు. చూపించాక, "బాగుంది, ఇప్పుడు 11 కాదు 4 వచ్చాయి, చేయండి" అనండి. పది ప్లస్ ఒకటికి సరిగ్గా తెగని సంఖ్య అది. 285 రూపాయలకు పది పైసలు అటూ ఇటూ రావాలి. 313 రూపాయల 60 పైసలు వస్తే, 11కి చేతితో సర్దుకుని వచ్చారని అర్థం. నిజంగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లెక్కకి 11 అయినా 4 అయినా ఒకటే.

ఇంకో గుర్తు కూడా ఉంది, సేవ్. డెమోల్లో బిల్లు అంతా కొట్టి చివర్లో సేవ్ నొక్కకుండా "తర్వాత ఇలా ప్రింటు వస్తుంది సార్" అని వేరే బొమ్మ చూపిస్తారు. ఆపండి. సేవ్ చేయించండి, ప్రింటు తీయించండి, వెంటనే ఆ మందు స్టాకు లెడ్జర్ తెరవమనండి, 12, 18 అక్కడ తగ్గాయా లేదా చూడండి. "వచ్చే అప్‌డేట్‌లో వస్తుంది" అంటే ఆ రోజుకి అది లేనట్టే, సున్నా వేయండి. నెట్ తీసేసి బిల్లు కొట్టించడం కూడా నేను చేస్తాను, క్లౌడ్ అయితే మరీను, కానీ అది మీ ఏరియాలో నెట్ ఎలా ఉంటుందో దాన్ని బట్టి.

మెయిల్‌లో చెప్పకూడనివి మూడే: మీ బడ్జెట్, మిగతా ఇద్దరి పేర్లు, ఒక్కో పనికి మీరు వేసే మార్కులు. తప్పనిసరివి ఏవో చెప్పాం కదా, అది చాలు. మార్కుల కాగితం మాత్రం మొదటి డెమోకి ముందే రాసి అకౌంటెంట్ దగ్గర పెట్టండి. మొదటి డెమో చూశాక రాస్తే, తెలియకుండానే మొదటివాడికి బాగా వచ్చినవాటికి ఎక్కువ మార్కులు పడతాయి. నాకే జరిగింది. మీరు, ఆపరేటర్, అకౌంటెంట్ ముగ్గురూ మార్కులు విడివిడిగా వేయండి. ఆపరేటర్ వేగం గురించి వేసిన మార్కుని మాత్రం ఎవరూ మార్చొద్దు, ఓనరు కూడా.

డెమో మధ్యలో నేను చేసే పని ఒకటుంది, కొంచెం మొరటుగా ఉంటుంది. వాళ్ల సర్వీసు నంబరు అడిగి అక్కడే, వాళ్ల ముందే, మామూలు కస్టమర్‌లా ఫోన్ చేస్తాను. ఎన్ని రింగులకి ఎత్తారో కంటే, ఎత్తినవాళ్లకి క్రెడిట్ నోటు అంటే అర్థమైందో లేదో చూస్తాను. ఒకసారి ఆ ఫోను డెమో ఇస్తున్న ఆయన జేబులోనే మోగింది. సర్వీసు టీమ్ మొత్తం ఆయనే!

లిస్టు పంపితే రాని వాళ్లూ ఉంటారు. "ముందు మా స్టాండర్డ్ డెమో చూడండి సార్, తర్వాత మీ లిస్టు చూద్దాం" అంటారు. ఒకసారి మర్యాదగా మళ్లీ అడగండి, పావుగంట స్టాండర్డ్ డెమో కావాలంటే సరేననండి. అప్పటికీ శాంపిల్ ఫైలు తెరవలేదంటే వదిలేయండి. చిన్న డీలర్లకి మాత్రం లిస్టు చూసి భయం వేసి ఉండొచ్చు, వాళ్లకి ఫోన్ చేసి మొదటి పనిని నోటితో వివరిస్తే చాలామంది వస్తారు. పెద్ద లిస్టు అయితే ఎవరూ రారు, అందుకే ఆరు అన్నాను.

ముగ్గురివీ అయ్యాక నచ్చిన ఒకరికి అదే ఆరు పనుల లిస్టు మళ్లీ పంపండి, ఈసారి మీరు చూసింది రాసి: ఒకటోది 11కీ 4కీ సరిగ్గా వచ్చింది, రెండోది సెట్టింగ్ మార్చాక వచ్చింది, అయిదోది చూపించలేదు, ఫలానా తేదీలోపు ఫలానా ఖర్చుతో చేస్తామన్నారు, ఇలా. "సరే" అని ఆ మెయిల్‌కి జవాబు వచ్చాకే అడ్వాన్సు. ఆర్డర్ కాగితంలో ఆ మెయిల్ తేదీ రాయించండి.

మీ పాత సాఫ్ట్‌వేర్ ఏదో, అందులోంచి బిల్లు వారీ బాకీలు ఎక్సెల్‌లోకి వస్తున్నాయో లేదో ఇక్కడ రాయండి. రాకపోతే నాలుగో పని వేరేలా పెట్టాలి, అది చెప్తాను.